పదమూడున్నర నిమిషాలు

కొన్నేళ్ల కిందట మా తునిలోనే ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేవాణ్ణి. బ్యాచ్‌కి నలభై మంది, రోజుకో గంట, ఆరు వారాలు. ఆ గంటలో ముప్పావు గంట నేనే మాట్లాడేవాణ్ణి. బోర్డు నిండా పన్నెండు టెన్సుల పట్టిక గీసి, కింద ఉదాహరణలు రాసి, "రాసుకున్నారా?" అని అడిగి, మిగిలిన పావుగంటలో "ఇప్పుడు మీరు చెప్పండి" అనేవాణ్ణి. ఒక బ్యాచ్ అయిపోయిన రోజు సర్టిఫికెట్ అందుకుంటూ ఒక కుర్రాడు, "మాస్టారూ, బోర్డు మీదవన్నీ రాసేసుకున్నాను. మాట్లాడ్డం ఎప్పుడు మొదలెడతాం?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఇంకో నెల క్లాసులు ఉంటాయనుకున్నాడు పాపం.

ఆ రాత్రి కూర్చుని లెక్కేశాను. పావుగంటని నలభై మందికి పంచితే తలా ఇరవై రెండున్నర సెకన్లు. వారానికి ఆరు రోజుల చొప్పున ఆరు వారాలకి 36 రోజులు. మొత్తం కలిపితే ఒక్కొక్కరు కోర్సంతా కలిసి మాట్లాడింది 13 నిమిషాల 30 సెకన్లు. అదీ అందరూ తమ వంతు వాడుకుంటేనే. వెనక బెంచీ వాళ్లు నోరు తెరవకుండానే సర్టిఫికెట్లు పట్టుకెళ్లారు. నేను మాత్రం ఆరు వారాల్లో 27 గంటలు మాట్లాడాను. ఆ కోర్సులో ఇంగ్లీష్ బాగుపడింది నాది.

ఇప్పుడు నా ఇంటి మేడ మీద సొంతంగా చెబుతున్నాను. బ్యాచ్‌కి పన్నెండు మందే. రోజుకి గంటన్నర, అవే 36 రోజులు, మొత్తం 54 గంటలు. వచ్చేవాళ్లు పిల్లలు కాదు. డిగ్రీ అయ్యి నాలుగేళ్లైనవాళ్లు, అచ్యుతాపురం ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు మీద చేసి మానేసినవాళ్లు, పిల్లలు బడికి వెళ్తున్నారు కాబట్టి మళ్లీ ఉద్యోగం చూసుకుందామనుకునే ఆడవాళ్లు. వీళ్లకి కావలసింది ఇంగ్లీష్ భాష అంతా కాదు. విశాఖలోనో కాకినాడలోనో ఒక గదిలో, ఒక టేబుల్‌కి ఇవతల, పావుగంట.

54 గంటల్లో ఏమవుతుందో ముందే చెప్పేస్తాను. కేంబ్రిడ్జి పరీక్షలవాళ్ల అంచనా ప్రకారం సొంతంగా నెగ్గుకురాగల స్థాయి, వాళ్ల భాషలో బి1, అందుకోవడానికి మొదట్నుంచీ మొదలెట్టినవాళ్లకి 350 నుంచి 400 గంటల బోధన కావాలి. నా దగ్గరున్నది అందులో ఏడో వంతు. కాబట్టి "ఆరు వారాల్లో అనర్గళంగా" అని ఫ్లెక్సీ కట్టినవాళ్లు ఎవరైనా సరే అబద్ధమాడుతున్నట్టే. స్థాయి మారదు. ఉన్న స్థాయిలోనే ఎదుటివాళ్లకి తప్పుగా అర్థం కాకుండా మాట్లాడ్డం మాత్రం వస్తుంది.

నా కోర్సంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. ఎదుటివాళ్లకి వేరే అర్థం కలిగించే తప్పునే దిద్దుతాను. మిగతావి వదిలేస్తాను. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అంటే ఇద్దరు అన్నదమ్ములున్నారని ఎవరికైనా తెలుస్తుంది, ఆ ముక్క వల్ల ఉద్యోగం పోయినవాణ్ణి నేను చూడలేదు. "మై ఫాదర్ ఫార్మర్" అన్నా అంతే. "మా నాన్న రైతు" అనే వాక్యంలో మనకి క్రియే లేదు, అందుకే నోటికి ఆ "ఈజ్" రాదు. ఎగ్జామ్‌ని యెగ్జామ్ అంటాం, ఓన్లీని వోన్లీ అంటాం. అననివ్వండి. ఇవన్నీ దిద్దుకుంటూ కూర్చుంటే 54 గంటలూ వీటికే చాలవు, పైగా ప్రతి వాక్యానికీ అడ్డుపడితే మూడో రోజుకి మనిషి మాట్లాడ్డం మానేస్తాడు.

మరి వేరే అర్థం కలిగించే తప్పు ఎలా ఉంటుంది? మొదటి బ్యాచ్‌లో ఒకతను విశాఖలో ఒక కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాడు. అన్నీ బాగానే చెప్పానన్నాడు. ఏమడిగారంటే, "డు యు మైండ్ వర్కింగ్ నైట్ షిఫ్ట్స్?" అన్నారట. ఇతను ఉత్సాహంగా "యెస్ సర్!" అన్నాడు. రాత్రి డ్యూటీ చేస్తానని ఇతని ఉద్దేశం. రాత్రి డ్యూటీ అంటే నాకు అభ్యంతరమే అని వాళ్లకి వినపడింది. వ్యాకరణం లెక్కన చూస్తే ఆ జవాబులో తప్పే లేదు.

ఇలాంటిదే ఇంకోటుంది, మన భాష మనకి పెట్టే మెలిక. "మీకు ఎక్స్‌పీరియన్స్ లేదా?" అంటే మనం "అవునండి, లేదు" అంటాం. మన "అవును" ఎదుటివాడి మాటకి తలూపడం. ఇంగ్లీష్ "యెస్" అలా కాదు, ఎదుటివాడు ఎలా అడిగినా ఉంటే యెస్, లేకపోతే నో. "యు డోంట్ హావ్ ఎనీ ఎక్స్‌పీరియన్స్?" అన్నప్పుడు "యెస్ సర్" అంటే ఉందనుకుని ఎక్కడ, ఎన్నేళ్లు అని మొదలెడతారు. అక్కడ్నుంచి గందరగోళమే.

అందుకే మొదటి వారం నేను మాట్లాడించను, వినిపిస్తాను. స్పోకెన్ ఇంగ్లీష్ అని డబ్బు కట్టించుకుని వినమంటాడేంటని కొందరు గొణుగుతారు. ఇంటర్వ్యూలో చాలామంది దెబ్బతినేది జవాబు దగ్గర కాదు, ప్రశ్న దగ్గర. ఒక ఇరవై ప్రశ్నలు తీసుకుంటాను. ఒక్కోదాన్ని మూడు నాలుగు రకాలుగా అడుగుతాను. "టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్" అందరికీ తెలుసు. అదే మనిషి "వాక్ మి త్రూ యువర్ రెజ్యూమె" అంటే, నడవమంటున్నాడేమో అని లేచి నిలబడబోయినవాళ్లున్నారు. "సో, వాట్ హావ్ యు బీన్ డూయింగ్?" అన్నా దాదాపు అదే ప్రశ్న.

ఇక్కడ మన చిన్నప్పటి సంధులు పనికొస్తాయి. వాడు ఎక్కడ అని రాస్తే రెండు మాటలు, పలికితే వాడెక్కడ. చివరి ఉకారం ఎగిరిపోయిందని ఎవరూ చెప్పక్కర్లేకుండానే చెవి విడదీసుకుంటుంది. ఇంగ్లీష్ వాళ్లూ మాటలు కలిపేస్తారు. "వైడిడ్యూ లీవిట్" అని వినపడితే మనవాళ్లు అదేదో కొత్త మాట అనుకుంటారు. బోర్డు మీద "వై + డిడ్ + యు, లీవ్ + ఇట్" అని సంధి విడదీసినట్టు రాస్తాను. పదో తరగతి తెలుగు మాస్టార్ని తిట్టుకున్నవాళ్లు కూడా టక్కున పట్టుకుంటారు. రోజూ ఇలా ఒక పది.

వినడంతో పాటు మొదటి రోజే రెండు వాక్యాలు నోటికి ఎక్కిస్తాను. "సారీ, కుడ్ యు సే దట్ అగైన్?" ఒకటి. "డు యు మీన్ మై స్టడీస్ ఆర్ మై జాబ్?" రెండోది. రెండోదానికే విలువెక్కువ. మొదటిది అంటే అదే ప్రశ్న మళ్లీ అదే వేగంతో వస్తుంది. రెండోది అంటే ఎదుటివాడు ఏదో ఒకటి ఎంచుకుని చెప్పాలి, ప్రశ్న దానంతటదే సులువవుతుంది. మనవాళ్లకి ఇది పెద్దవాళ్లని ఎదురు ప్రశ్నించినట్టు అనిపిస్తుంది. అర్థం కాకపోయినా తలూపడమే మర్యాద అనుకుంటారు. కాబట్టి ఆ వారమంతా నేను కావాలనే సగం మింగేసి అడుగుతాను. తలూపినవాళ్లు ఆ రోజు అందరికీ టీ చెప్పాలి. ఈ జరిమానా పెట్టాక తలూపడం బాగా తగ్గింది.

రెండో వారం జరిగిపోయిన పని గురించి చెప్పడం. పన్నెండు టెన్సుల్లో నాకు అవసరమైంది ముఖ్యంగా ఇదొక్కటే, ఎందుకంటే ఇంటర్వ్యూలో చెప్పేదంతా చేసొచ్చిన పని గురించే. ఒకావిడ సంగతి చెబుతాను. బీకాం చదివారు, ముప్పై దాటాయి, మెడికల్ షాపులో బిల్లింగ్ దగ్గర రెండేళ్లు చేశారు, ఏడాది కిందట ఆ షాపు మూసేశారు. విశాఖలో ఆసుపత్రుల్లో బిల్లింగ్ ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్నారు. చేరిన రోజున అందరి దగ్గరా తీసుకున్నట్టే ఆవిడ దగ్గరా ఫోన్లో మూడు నిమిషాల రికార్డింగ్ తీసుకున్నాను. "ఐ యామ్ వర్కింగ్ ఇన్ మెడికల్ షాప్ టూ ఇయర్స్" అన్నారు. ఇంతకుముందు ఒక ఇంటర్వ్యూలో ఈ మాటే అంటే "నోటీస్ పీరియడ్ ఎంత?" అని అడిగారట. మూసేసిన షాపుకి నోటీసేంటో ఆవిడకి అర్థం కాలేదు. ఇంకా అక్కడే చేస్తున్నారని వాళ్లనుకున్నారు. ఇదీ దిద్దాల్సిన తప్పు.

ఒక పాతిక క్రియలు చాలు: చేరాను, మానేశాను, చూసుకున్నాను, లెక్క రాశాను, నేర్చుకున్నాను, ఇలాంటివి. "చూసుకునేదాన్ని" అన్నదానికి ఇంగ్లీష్‌లో వేరే రూపం వెతుక్కోనక్కర్లేదు, "ఐ చెక్‌డ్" అంటే సరిపోతుంది అని చెబితే సగం భయం పోతుంది. ఇబ్బందల్లా చివరి శబ్దం దగ్గర. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి "వర్క్‌డ్" అనేది వర్కెడ్ అన్నా అవుతుంది, లేకపోతే చివరిది మింగేసి వర్క్ అన్నా అవుతుంది. మొదటిది ఫర్వాలేదు, అర్థమవుతుంది. రెండోదాంతో కాలమే మారిపోతుంది. దీనికీ సంధే మందు. "వర్క్‌డ్ ఇన్" అని విడిగా అనకుండా "వర్క్‌టిన్" అని కలిపి అనమంటాను. చివర ఒక అచ్చు దొరకగానే మన నాలుకకి ప్రాణం లేచొస్తుంది.

మూడో వారం, నాలుగో వారం కోర్సుకి నడుం లాంటివి. ఇక్కడే "మైసెల్ఫ్" అనే బట్టీతో యుద్ధం. ఆవిడ మొదటి రికార్డింగ్‌లో మిగతాదంతా ఇదే: "ఐ యామ్ హార్డ్ వర్కింగ్, సిన్సియర్ అండ్ డెడికేటెడ్ పర్సన్. మై స్ట్రెంత్ ఈజ్ పాజిటివ్ థింకింగ్." పన్నెండు మందిలో తొమ్మిది మంది అచ్చం ఇవే మాటలు తెచ్చారు, ఎక్కడ దొరుకుతాయో గానీ. మధ్యలో ఆపి "విచ్ మెడికల్ షాప్?" అన్నాను. ఒక్క క్షణం ఆగి మళ్లీ "మైసెల్ఫ్..." అని మొదలెట్టారు. పదమూడో ఎక్కంలో ఏడో మెట్టు అడిగితే పదమూడొకట్ల నుంచి లెక్కెట్టుకుంటూ రావాల్సినవాళ్లం కదా మనం, ఇదీ అంతే. బట్టీ పట్టినది బట్టీయో కాదో తెలుసుకోవడానికి మధ్యలో ఆపి చూడటమే పరీక్ష.

బట్టీ మానమంటే సరిపోదు, దాని బదులు వేరేది చేతిలో పెట్టాలి. అందుకని ముందు తెలుగులో అడుగుతాను. క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ అనే సెంటర్లున్నాయి, నాకది అర్థం కాదు. చెప్పడానికి ఏముందో తెలియనివాడికి ఏ భాషైనా ఒకటే. "పొద్దున్నే షాపుకి వెళ్లగానే మొదట ఏం చేసేవారు?" అన్నాను. ఆవిడ తడుముకోలేదు. "ముందు రాత్రి క్యాషు సరిపోయిందో లేదో చూసుకునేదాన్ని. తర్వాత ఎక్స్‌పైరీ దగ్గరపడిన స్ట్రిప్పులు పక్కకి తీసేదాన్ని. చీటీలో రాసిన మందు లేకపోతే ఫార్మసిస్టుని అడిగి చెప్పేదాన్ని. ఇన్సూరెన్స్ వాళ్లొస్తే బిల్లు వేరేగా కొట్టాలండి, అది నాకే వచ్చు." ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌కి సరిగ్గా కావలసిన మనిషి. అదంతా "పాజిటివ్ థింకింగ్" కింద పూడుకుపోయింది.

ఆ నాలుగు ముక్కల్నే ఇంగ్లీష్‌లో పెట్టించాను. "ఐ వర్క్‌డ్ ఇన్ ఎ మెడికల్ షాప్ ఫర్ టూ ఇయర్స్. ఐ వాజ్ ఎట్ ది బిల్లింగ్ కౌంటర్. ఎవ్రీ మార్నింగ్ ఐ చెక్‌డ్ ది క్యాష్. ఐ మేడ్ ది ఇన్సూరెన్స్ బిల్స్." రాసివ్వలేదు. కాగితం మీద "క్యాష్, ఎక్స్‌పైరీ, చీటీ, ఇన్సూరెన్స్" అని నాలుగు మాటలే. రాసిస్తే మళ్లీ బట్టీయే.

ఇక నోటికి వేగం రావాలి. దీనికి నేను వాడేది భాష చెప్పేవాళ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి, 4/3/2 అంటారు. ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు మనుషులకి నాలుగు నిమిషాల్లో ఒకసారి, మూడింట్లో ఒకసారి, రెండింట్లో ఒకసారి చెప్పాలి. మావాళ్లకి నాలుగు నిమిషాలు మరీ ఎక్కువ కాబట్టి రెండు, ఒకటిన్నర, ఒకటి చేశాను. ఆరు కుర్చీలు ఇటు, ఆరు అటు, ఎదురెదురుగా. ఒక వరుస కదలదు, రెండో వరుస ప్రతిసారీ ఒక కుర్చీ జరుగుతుంది. మనిషి మారుతున్నాడు కాబట్టి చెప్పిందే చెబుతున్నామన్న సిగ్గు ఉండదు. సమయం తగ్గుతోంది కాబట్టి మధ్యలో "ఆఁ... ఊఁ..." అనడానికి చోటుండదు. మూడో కుర్చీ దగ్గరకి వచ్చేసరికి అదే విషయం సగం సమయంలో బయటికొస్తుంది.

ఈ ఒక్క ఆటలో ఒక్కొక్కరు నాలుగున్నర నిమిషాలు మాట్లాడతారు. మూడు రోజులు ఆడితే పదమూడున్నర. నా పాత కోర్సు మొత్తం మూడు రోజుల్లో అయిపోయినట్టు.

దీనికీ చిక్కులున్నాయి. ఆరు జంటలు ఒకేసారి మాట్లాడుతుంటే అన్ని తప్పులూ నాకు వినపడవు, వినపడనివి అలాగే గట్టిపడతాయి. రెండో కుర్చీకీ మూడో కుర్చీకీ మధ్య ఒక్క నిమిషం ఆపి, నా చెవిన పడినవాటిలో అర్థం మార్చేది ఒక్కటే బోర్డు మీద పెడతాను. ఒకరు రాకపోతే జంట చెడుతుంది, ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. మాఘమాసంలో బ్యాచ్ పెట్టకూడదని కూడా ఇందువల్లే నేర్చుకున్నాను. మూడో వారం కల్లా సగం మంది ఎవరో ఒకరి పెళ్లిలో ఉంటారు.

నాలుగో వారం ఆ కథకి అడ్డుపడటం. ప్రతి వాక్యం తర్వాత ఎదుటి కుర్చీవాళ్లు "ఫర్ ఎగ్జాంపుల్?" అనో "వై?" అనో అనాలి. ఒక్కొక్కరు తమ పనిలో వచ్చిన రెండు చిక్కుల్ని సిద్ధం చేసుకోవాలి. ఏమైంది, నేనేం చేశాను, చివరికి ఏమైంది, ఆరేసి వాక్యాల్లో. మనవాళ్లు "మేం చేశాం" అంటారు, ఒద్దిక కోసం. "వుయ్" అంటే ఇందులో మీరేం చేశారని తిరిగి అడుగుతారు. "ఐ" అనిపించడానికి ఒక పూట పడుతుంది, మరీ ముఖ్యంగా ఆడవాళ్ల చేత.

ఐదో వారం అంకెలు, ఫోను. ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ మొదటి వడపోత చాలాచోట్ల ఫోన్లోనే జరుగుతుంది, మనిషి మొహం కనపడకుండా. ఫోర్టీన్‌కీ ఫార్టీకీ, ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా చివరి "న్" కంటే ఊనికలో ఎక్కువ వినపడుతుంది. ఫిఫ్టీన్ అన్నప్పుడు వెనక భాగం సాగుతుంది, ఫిఫ్టీ అన్నప్పుడు ముందు భాగం బరువవుతుంది. జీతం దగ్గర ఇది కలగాపులగమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అనుమానమొస్తే "వన్ ఫోరా, ఫోర్ జీరోనా" అని విడదీసి అడగడం నేర్పుతాను. సీటీసీ అంటే కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చే గానీ చేతికొచ్చేది కాదని, కంపెనీ కట్టే పీఎఫ్ కూడా అందులోనే కలిసి ఉంటుందని, కాబట్టి "వాట్ ఈజ్ ది టేక్ హోమ్?" అని అడగొచ్చని ఇక్కడే చెబుతాను. మెయిల్ ఐడీ అక్షరం అక్షరం చెప్పించడం కూడా ఈ వారమే. కొందరి ఐడీలు వింటే ఇంగ్లీష్ కంటే ముందు అవి మార్పించాలనిపిస్తుంది.

ఆరో వారం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. నేను చెయ్యను, నా గొంతు వాళ్లకి అలవాటైపోయింది. రిటైరైన బ్యాంకు మేనేజరుగారొకరు, మందుల కంపెనీలో పనిచేసే మా మేనకోడలు వచ్చి చేస్తారు. చివరి రోజున మొదటి రోజు అడిగిన ప్రశ్నలకే మళ్లీ మూడు నిమిషాలు రికార్డు చేస్తాను. రెండూ పక్కపక్కన వినిపించి రెండే లెక్కపెడతాం: మూడు సెకన్లు దాటిన మౌనాలెన్ని, ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకోటైనవి ఎన్ని. ఆవిడ మొదటి రికార్డింగ్‌లో మౌనాలు పదకొండు, చివరిదాంట్లో నాలుగు. తప్పు జవాబులు మూడు నుంచి ఒకటికి వచ్చాయి. "ఐ యామ్ హావింగ్" మాత్రం రెండింట్లోనూ ఉంది.

అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లకి ఈ కోర్సు పనికిరాదు, వాళ్లని చేర్చుకోను. ఇంటర్వ్యూలో అసలు సబ్జెక్టే రానివాళ్లకీ నేను చేయగలిగిందేమీ లేదు.

కోర్సయిన మూడో వారంలో ఆవిడ ఫోన్ చేశారు, విశాఖ స్టేషన్ నుంచి. రైలు కోసం చూస్తున్నారు. ఒక ప్రశ్న అర్థం కాకపోతే "డు యు మీన్ ది షాప్ ఆర్ ది కాలేజ్?" అని అడిగారట. ఆ హెచ్ఆర్ అమ్మాయి నవ్వేసి, "షాపు గురించేనండి, చెప్పండి" అని తెలుగులోకి దిగిపోయిందట. మిగతా సగం ఇంటర్వ్యూ తెలుగులోనే నడిచింది. నా 54 గంటలూ ఏమైపోయాయో అని నేను అనుకునేలోపే, "రమ్మన్నారు గానీ నేనే వద్దన్నాను మాస్టారూ" అన్నారు.

"అదేంటమ్మా?"

"ఫోర్టీన్ థౌజండ్ అన్నారు. ఫార్టీ ఏమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. వన్ ఫోరా, ఫోర్ జీరోనా అని అడిగితే వన్ ఫోరే అంది. రోజూ రైలు, ఆటో తీసేస్తే ఏం మిగుల్తుందండి? వచ్చే బుధవారం ఇంకోచోట ఉంది. సోమవారం ఆరింటికి మీ మేడ మీదకి వస్తాను, కుర్చీ ఉంటుందా?"